మా వదిన షాపు ఎటువైపు?

మా వదినకు హైవే మీద మందుల షాపు ఉంది. మా అన్న పోయాక ఒంటిచేత్తో నడుపుతోంది. నేను మరిదిని, కౌంటర్ దగ్గర బిల్లులు రాస్తాను. రోడ్డు వెడల్పు చేసి మధ్యలో డివైడర్ కట్టి నాలుగేళ్లయింది. అప్పటి నుంచి ఫోన్ మోగితే వదిన అడిగే మొదటి ప్రశ్న, ఊళ్లోంచి వస్తున్నారా, ఊళ్లోకి వస్తున్నారా అని.

ఊళ్లోకి వచ్చేవాళ్లకు మా షాపు ఎడమచేతి వైపు, బండి ఆపితే గుమ్మమే. ఊళ్లోంచి వచ్చేవాళ్లకు మాత్రం డివైడర్ అవతల. వాళ్లు షాపును దాటి రెండున్నర కిలోమీటర్లు పోయి, వంతెన కింద యూటర్న్ తీసుకుని, అంతే దూరం వెనక్కి రావాలి. వదిన ఓపిగ్గా చెబుతుంది, ఎడమవైపు టైర్ల షాపు కనిపిస్తే అక్కడ ఆగొద్దని, మేము ఎదురుగా కనబడుతున్నా వాళ్లకు లేనట్టేనని. సగం మంది నమ్మరు. కళ్ల ముందు బోర్డు కనిపిస్తుంటే ఐదు కిలోమీటర్లు తిరగమంటే ఎవడికి మాత్రం నచ్చుతుంది?

నిరుడు మందులు ఇంటికి చేరవేసే ఒక కంపెనీ మమ్మల్ని తన యాప్‌లో చేర్చుకుంది. లొకేషన్ గుర్తించడానికి వచ్చిన మహానుభావుడు ఎండగా ఉందని టైర్ల షాపు రేకుల కింద నీడన నిలబడి, అక్కడి నుంచే మా బోర్డుకు ఫొటో తీసి, నిలబడ్డ చోటే ఫోన్‌లో నొక్కేసి వెళ్లిపోయాడు. రోడ్డు దాటలేని మనిషి! ఆ నొక్కుడుతో మా షాపు యాప్‌లో అవతలి ఒడ్డుకు పోయింది. డెలివరీ వాళ్లు టైర్ల షాపు ముందుకు రాగానే ఫోను చేరుకున్నారని చెప్పేది. వాళ్లు బండి అక్కడే పడేసి, లారీల మధ్యగా పరిగెత్తి, డివైడర్ దూకి వచ్చేవాళ్లు. వాళ్లకిచ్చిన టైము కూడా ఆ తప్పుడు లెక్క ప్రకారమే. యూటర్న్ దాకా పోతే ఆలస్యం, ఆలస్యమైతే కూలిలో కోత. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

ఒక వానరోజున అలా దూకినవాడి కాలు జారింది. లారీ సమయానికి బ్రేకు వేసింది కాబట్టి చీలమండ విరగడంతో పోయింది. ఆ రోజు నుంచి వదిన ఒక నియమం పెట్టింది. డివైడర్ దూకి వచ్చినవాడికి మందులు ఇవ్వదు. వెనక్కి వెళ్లి బండి మీద తిరిగి రమ్మంటుంది. వాళ్లు ఒంటికాలి మీద లేచేవాళ్లు. కంపెనీ మాకు ఆలస్యం చేస్తున్నారని నోటీసు పంపింది. మా అమ్మకాల్లో సగం ఆ యాప్ నుంచే వచ్చేవి, నాకు గుండెల్లో రాయి పడింది.

లొకేషన్ సరిచేయమని వదిన పదిసార్లు ఉత్తరం రాస్తే చివరికి కంపెనీ నుంచి ఒక అధికారి వచ్చాడు. ఆయనా యాప్ చూసుకునే వచ్చాడు. టైర్ల షాపు ముందు కారు ఆపి, మీ షాపు ముందే ఉన్నానని ఫోన్ చేశాడు.

"అయితే లోపలికి రండి సార్," అంది వదిన.

ఆయన ఎదురుగా మమ్మల్ని చూసి, ప్యాంటు మడిచి డివైడర్ వైపు రెండడుగులు వేశాడు.

"దూకితే షట్టర్ వేసేస్తాను. కారులో రండి," అంది.

ఇరవై రెండు నిమిషాలు పట్టింది ఆయనకు, వంతెన కింద లారీల వరుస ఉంది మరి. చెమటలు తుడుచుకుంటూ దిగి, మా గుమ్మంలో నిలబడి లొకేషన్ సరిచేశాడు. నేను పొంగిపోయాను.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే తెలిసింది మరునాడే. కొత్త లెక్కలో ఊళ్లో ఉన్న కంపెనీ డిపో నుంచి మా షాపు నాలుగు కిలోమీటర్లు కాదు, తొమ్మిది. డెలివరీకి వాళ్ల హద్దు ఏడు. మమ్మల్ని జాబితాలోంచి తీసేశారు. నిజం చెప్పినందుకు! ఒళ్లు మండిపోయింది నాకు.

సాయంత్రం అధికారే ఫోన్ చేశాడు. పాపం, మంచివాడే. లొకేషన్ మళ్లీ పాత చోటికి మార్చేస్తే రేపటి నుంచి ఆర్డర్లు వస్తాయని, పైవాళ్లెవరూ చూడరని చెప్పాడు. వదిన ఫోన్ చేత్తో మూసి నా వైపు చూసింది.

"ఒప్పేసుకో వదినా. దూకేది వాళ్లు, మనం కాదుగా," అన్నాను.

ఆవిడ ఫోన్ మీంచి చెయ్యి తీసింది. తర్వాత ఫోన్‌లో మెల్లగా అంది. "వద్దు సార్. నా షాపు ఇటువైపే ఉంది."

అప్పుడు నాకు కంపెనీ మీద కోపం రాలేదు. దానికీ నాకూ తేడా ఏముందో తెలియక తలొంచుకుని బిల్లు పుస్తకం తెరిచాను.