పన్నెండు దగ్గర ఎర్రగీత

లింగస్వామి గెలిచిన తగాదా ఒకటి నా కళ్ళారా చూశాను. మేడ్చల్‌లో మందుల అట్టపెట్టెలు చేసే కంపెనీలో అతను రాత్రి వాచ్‌మెన్, నేను రాత్రిపూట ఊడ్చేదాన్ని. ఇద్దరం కాంట్రాక్టరు మనుషులమే. రెండేళ్ళ కిందట హాజరు లెక్క కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఆ నెల చివర పగటివాళ్ళకు గంటలు సరిగ్గా వచ్చాయి. రాత్రివాళ్ళం పద్నాలుగు మందికీ సున్నా వచ్చింది.

ఆఫీసులో కంప్యూటర్ చూసే ప్రణయ్ చెడ్డవాడు కాదు. తెర మీద కనబడేదే నిజమనుకునే రకం, అంతే.

"పోయిన టైంల నుంచి వచ్చిన టైం తీసేస్తదన్నా. మీరు ఇరవై రెండుకు వచ్చి ఆరుకు పోతరు. ఆరుల నుంచి ఇరవై రెండు తీస్తే మైనస్ పదహారు. మైనస్ వస్తే సున్నా పెట్టుకుంటది."

"మైనస్ పదహారా?" అన్నాడు లింగస్వామి. "అంటే రాత్రంత గేటుకాడ నిలవడ్డందుకు నేనే మీకు పదహారు గంటలు బాకీ పడ్డనా?"

అందరం నవ్వాం. సూపర్‌వైజర్ వీరేందర్ మాత్రం నవ్వలేదు. "లొల్లి జెయ్యకు. మిషన్ తప్పు జేస్తదా? నువ్వేమన్న ఇంజనీరువా?"

"కాదు సార్, చాపలు వట్టేటోన్ని. ప్రణయ్ సారూ, ఒక్క మాట జెప్పు. రాత్రి పదింటికి వల ఏసిన. పొద్దుగాల ఆరింటికి తీసిన. వల నీళ్ళల్ల ఎంతసేపున్నట్టు?"

"ఎనిమిది గంటలు."

"ఎట్ల లెక్కవెట్టినవ్?"

"పన్నెండు దాక రెండు, తర్వాత ఆరు."

"గదే నీ కంప్యూటర్‌కు జెప్పు. పన్నెండు దాటిందని దానికి తెల్వది. పోయిన టైం చిన్నగుంటే ముందుగాల ఇరవై నాలుగు కలుపు. ముప్పై అయితది. గప్పుడు ఇరవై రెండు తీసెయ్."

ప్రణయ్ మా ముందరే ఏదో కొట్టాడు. పద్నాలుగు సున్నాలూ పద్నాలుగు ఎనిమిదులయ్యాయి. ఎవరూ పిలవని ఫోన్ చెవికి పెట్టుకుని వీరేందర్ బయటికి నడిచాడు.

లింగస్వామిది మా ఊరు అలియాబాదే. ఐదో తరగతితో బడి మానేసి శామీర్‌పేట చెరువులో వలలు వేశాడు. నడుము పట్టేసి నీళ్ళలో దిగలేని రోజు వచ్చాక వాచ్‌మెన్ అయ్యాడు. కంప్యూటర్ వచ్చినా తన హాజరు పుస్తకం మాత్రం మానలేదు. రాత్రి డ్యూటీ ఏ తారీఖున మొదలైతే ఆ తారీఖు కిందే మొత్తం రాసేవాడు. పేజీ మధ్యలో పైనుంచి కిందికి ఎర్రగీత. గీతకు ఎడమ పక్క పన్నెండు దాకా గంటలు, కుడి పక్క పన్నెండు తర్వాతి గంటలు. పన్నెండుకు ఒకసారి, పొద్దున ఒకసారి అందరి చేతా సంతకాలు పెట్టించేవాడు. నేను మూడో తరగతి దాటలేదు కానీ వేలిముద్ర వేసే ఆడదాన్ని కాను. ఐలమ్మ అని వంకరగానైనా రాస్తాను.

కిందటేడు ప్రణయ్ బహదూర్‌పల్లిలో వేరే ఉద్యోగానికి పోయాడు. గేటు దగ్గర మొహం చూసి టైం పట్టే మిషన్ తెచ్చి బిగించారు. "ఇగ మీకు మైనస్‌ల బాధే ఉండది" అన్నాడు వీరేందర్, తానే దాన్ని కన్నట్టు.

మైనస్ నిజంగానే రాలేదు. ఎందుకు రాలేదో లింగస్వామి వారంలో పట్టుకున్నాడు. ఆ మిషన్ ఏ తారీఖుకు ఆ తారీఖు చూస్తుంది. ఆ రోజు మొదటిసారి కనబడ్డ మొహం లోపలికి వచ్చినట్టు, చివరిసారి కనబడ్డది బయటికి పోయినట్టు రాసుకుంటుంది. మేము పొద్దున ఆరుకు ఇంటికి పోతాం, అది వచ్చారని రాస్తుంది. రాత్రి పదికి పనికి వస్తాం, అది పోయారని రాస్తుంది. పెద్దదాంట్లోంచి చిన్నది తీస్తే మైనస్ ఎందుకు వస్తుంది? రోజుకు పదహారు గంటలు తేలేవి. ఎనిమిది దాటితే లెక్కలోకి తీసుకోరు కనుక జీతం ఎప్పటిలాగే వచ్చేది. మైనస్ ఉన్నప్పుడు తప్పు నడిబజారులో బట్టల్లేకుండా నిలబడేది. ఇప్పుడు బట్టలు కట్టుకుని మా మధ్యే తిరిగింది.

"అవ్వా, గిది మనల్ని పగటోళ్ళను జేసింది," అన్నాడొక రోజు చాయ్ దగ్గర. "రాత్రి మనం లోపల ఉన్నట్టే లేదు అండ్ల. మాట్లాడాలె."

"జీతం వస్తాంది గద బిడ్డా. నీ నోటికి జర తాళమెయ్యి," అన్నాను.

ఆ మాట నాదే. ఇంకెవరి మీదా నెట్టను.

మొన్న మంగళవారం రాత్రి పదికి ఇద్దరం కలిసే లోపలికి వచ్చాం. తెల్లవారితే బుధవారం, నాలుగూ ఇరవైకి లోడు లారీ వెనక్కి వస్తూ గేటు స్తంభానికీ బండికీ మధ్య అతని కాలు నలిపేసింది. నేను పది అడుగుల దూరంలో చీపురు పట్టుకుని ఉన్నాను. అతను అరవలేదు. "అవ్వా, బుక్కు" అన్నాడు. పుస్తకం నా బుట్టలో అట్టముక్కల కింద పెట్టాను.

ఆసుపత్రిలో మోకాలి కింద తీసేశారు. డ్యూటీలో దెబ్బ తగిలిందని కంపెనీ రాసిస్తే ఈఎస్‌ఐ నుంచి బతికినన్నాళ్ళు నెలనెలా ఎంతో కొంత వస్తుంది. ఆ కాగితం కోసం అతని భార్య యమున వీరేందర్ దగ్గరికి పోతే, అతను మిషన్ కాగితం తీసి చూపించాడట. మంగళవారం: వచ్చింది ఆరు, పోయింది ఇరవై రెండు. బుధవారం: మొహం కనబడలేదు, గైర్హాజరు.

"పదింటికే పోయిండు నీ మొగడు. నాలుగింటికి ఎందుకొచ్చిండో, ఏం తాగి వచ్చిండో మాకేం ఎర్క," అన్నాడట.

గేటు కెమెరా ఉగాది నుంచి పనిచేయడం లేదు. సాక్ష్యం చెప్పమని యమున అడిగితే రాత్రివాళ్ళు ఒక్కొక్కరే చూపు తిప్పుకున్నారు. శుక్రవారం వీరేందర్ నా దగ్గరికి వచ్చాడు.

"ఐలమ్మా, గా పాత బుక్కు ఏడుంది? నీ వయసుకు వేరే కాడ పని దొరుకుతదా, జర సోంచాయించు."

"నాకేం ఎర్క సార్? నేను ఊడ్చేదాన్ని, సదివేదాన్నా?" అన్నాను. ఆదివారం దాకా పగలు ఇంట్లో పడుకున్నప్పుడు బుట్ట నా తల కిందే పెట్టుకున్నాను.

ఆదివారం పుస్తకం కొంగులో చుట్టుకుని ఆసుపత్రికి పోయాను. దుప్పటి ఒక పక్క చదునుగా ఉంది. నేను అటు చూడలేదు. యమున పేజీ తెరిచి అతని ముందు పట్టింది. మంగళవారం తారీఖు కింద ఎర్రగీతకు ఎడమ పక్క అతని రాత: పది నుంచి పన్నెండు, రెండు. పక్కన అతని సంతకం, కింద నా వరుసలో నాది. కుడి పక్క ఖాళీ.

"నువ్వే రాసెయ్ బిడ్డా. చెయ్యి మంచిగనే ఉన్నది గద," అన్నాను.

"నేను రాస్తే ఇప్పుడు రాసిండంటరు. అబద్ధం కాకున్నా అబద్ధమైతది," అన్నాడు.

తర్వాత పెన్ను నా చేతిలో పెట్టాడు.

"అవ్వా, ఆ ఖాళీల ఏం రాయకు. కింద వేరే రాయి. పన్నెండు నుంచి నాలుగూ ఇరవై దాక లింగస్వామి గేటుకాడ ఉన్నడు, నేను చూసిన అని. ఏ రోజు రాసినవో గా తారీఖు ఎయ్యి. పేరు రాయి. సోమవారం యమునతోని లేబర్ ఆఫీసుకు పోయి, గది నీ నోటితోని సదివి వినిపియ్యి."