మావగారిని అడగకుండా రాసిన జాబు

పక్షవాతంతో మంచం పట్టిన మా మావగారిని చూసుకోవడానికి ఒక నర్సమ్మను పెట్టుకున్నాం. బందరులో రిటైరైన కంపౌండరు గారొకరు అలా ఇళ్లకు మనుషులను పంపేవారు. నేను బళ్లో పంతులమ్మని, పగలు ఇంట్లో ఉండను. మూడు నెలలయ్యాక గుడివాడ నుంచి మా పిన్ని జాబు రాసింది. వాళ్ల అత్తగారికీ అలాంటి మనిషే కావాలట, ఎలా చూస్తోందో దాచకుండా రాయమంది.

ఆదివారం కూర్చుని రాశాను. నర్సమ్మ ఒక్కరోజూ ఆలస్యంగా రాలేదు. ఆసుపత్రిలో పని నేర్చిన మనిషి. గంట గంటకీ పక్క మారుస్తుంది, వీపున ఒక్క పుండు లేదు. ఆమె రాని రోజుకు కంపౌండరు గారు బిల్లులో డబ్బు వేయరు. అంతవరకూ రాశాక మావగారినీ అడగాలనిపించింది. ఆయనకు మాట పడిపోయింది గానీ ఎడమచేత్తో పలక మీద రాస్తారు.

"నర్సమ్మ బాగా చూస్తోందా మావయ్యగారూ?"

"మధ్యాహ్నం ఈ చెయ్యి కట్టేస్తుంది" అని రాశారు.

చొక్కా చెయ్యి పైకి లాగాను. మణికట్టు చుట్టూ ఎర్రగా కమిలిన గీత. ఆడే చెయ్యి అదొక్కటే.

"ఇన్నాళ్లూ చెప్పలేదేమండీ?"

"నువ్వు ఉద్యోగం మానేస్తావని."

మర్నాడు నర్సమ్మను నిలదీశాను. "మంచం మీంచి పడతారనండీ. అందరిళ్లలోనూ ఇంతే, కంపౌండరు గారే నేర్పారు" అంది తాపీగా. ఆ పూటే ఆమెను పంపేసి, బడికి సెలవు పెట్టాను.

జాబులో రాసిన మంచి మాటలు కొట్టేయలేదు, అవీ నిజమే. వాటి కింద మణికట్టు సంగతీ, అందరిళ్లలోనూ అన్న మాటా రాసి పోస్టులో వేశాను. పిన్ని వాళ్లు కంపౌండరు గారి మనిషిని పెట్టుకోలేదు.