సింకు కింద చెక్క

మా వంటింటి చెక్కలు ఉబ్బిపోయినప్పుడు, ఆ పని చేసిన రాజోలు షాపాయన మోసం చేశాడని నేనే అందరికీ చెప్పాను. అది నిజం కాదు.

నా భార్య ఏడేళ్లుగా కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తోంది. రోజూ వాళ్ల అరలు తుడిచే మనిషి కాబట్టి ఏ చెక్క నీటికి నిలుస్తుందో ఆమెకు తెలుసు. మనింట్లోనూ అలాంటి వంటిల్లు చేయించండి, ఈ కాంట్రాక్టు అయిపోగానే వచ్చేస్తానంది. షాపాయన ఇచ్చిన కొటేషన్ ఫొటో పంపితే వెంటనే ఫోన్ చేసింది.

“ఉత్తినే ప్లైవుడ్ అని రాసేరేంటండీ? ఏ గ్రేడు? సింకు కిందకి నీళ్లలో నానినా ఉబ్బని బీడబ్ల్యూపీయే ఉండాలి, చవకరకం ఎంఆర్ మన తేమకి ఆగదు. బ్రాండెడ్ హార్డ్‌వేర్ అంటే ఎవరి బ్రాండు? గ్రానైటు ఎంత మందం, అడుగు రేట్లో కలిసిందా, వేరేనా? ఇంకోటి, ఎల్ ఆకారంలో మూల రెండడుగులు రెండు గోడలకీ లెక్కేసేరు. పద్దెనిమిది కాదు, పదహారడుగులే.”

“ఆయన మీ పెదనాన్నగారి వైపు చుట్టం. ఇవన్నీ రాయమంటే ఏమనుకుంటాడు?”

“చుట్టరికాన్ని సింకు కింద పెట్టుకుంటామా? రాయించండి.”

షాపాయన ఏమీ అనుకోలేదు. “చెల్లాయి బాగానే పట్టిందండీ బావగారూ,” అని నవ్వి, పదహారుగా దిద్దాడు. తలుపు బందులకీ, సొరుగు చానళ్లకీ కంపెనీ పేరు రాశాడు. గ్రానైటు పద్దెనిమిది మిల్లీమీటర్లు, చదరపు అడుగు లెక్కన వేరే అని రాశాడు. గ్రేడు దగ్గర పెన్ను ఆపాడు.

“ఈ రేటు ఎంఆర్‌దండీ. బీడబ్ల్యూపీ అయితే అడుక్కి కొంచెం పెరుగుద్ది. సింకు కిందైనా వేయించుకోండి.”

గోడకి ఎర్రగా మెరిసే అక్రిలిక్ తలుపు ఆనించి ఉంది. దానికీ అడుక్కి అంతే ఎక్కువ. “లోపలి చెక్క ఎవరు చూస్తారు? ఎంఆరే రాయండి, తలుపులు మాత్రం ఇవి,” అన్నాను.

“ఆయ్. చెల్లాయికి చెప్పేరా మరి?”

చెప్పానన్నాను. సంతకం పెట్టి, ఆమెకు ‘అన్నీ రాయించాను’ అని మెసేజ్ పెట్టాను. కాగితం పంపలేదు.

రెండో వానాకాలానికి సింకు కింద పలకలు ఉబ్బి తలుపులు పట్టేశాయి. మోసపోయామన్నాను. ఆమె నమ్మి, మళ్లీ చేయించడానికి డబ్బు కావాలి కదా అని కాంట్రాక్టు ఇంకో రెండేళ్లు పొడిగించుకుంది. ఒక మెరిసే తలుపు కోసం నేను ఆమెను రెండేళ్లు అక్కడే ఉంచేశాను.

కిందటి నెల ఫోన్‌లో ఆ కాగితం ఆమెకు మొదటినుంచీ చదివి వినిపించాను. ఎంఆర్ అన్న మాట కూడా. అవతల కుళాయి కట్టేసిన చప్పుడైంది.

“ఆయన్ని ఉత్తినే దొంగని చేసేరు,” అంది. “ముందు ఆయనకి చెప్పిరండి. తర్వాత కొత్త కొటేషన్ నాకు పెట్టండి. నేను చూసేదాకా సంతకం పెట్టకండి.”

వెళ్లి చెప్పాను. ఆయన తలొంచుకుని విని, కొత్త కొటేషన్‌లో మొదటి వరుసలోనే బీడబ్ల్యూపీ అని రాసిచ్చాడు.

నిన్న ఆమె దాన్ని దిద్ది పంపింది. మార్పు ఒక్కటే: ‘వంట గట్టు ఎత్తు ముప్పై నాలుగు అంగుళాలు కాదు, నాకు ముప్పై రెండు చాలు.’ టేపు తెచ్చి గోడ మీద ముప్పై రెండు దగ్గర పెన్సిల్‌తో గీత గీశాను. దాని ముందు నిలబడితే ఆమె తల నా భుజం దగ్గర ఎక్కడిదాకా వచ్చేదో గుర్తొచ్చింది.