నల్లద్దాల వెనక నుంచి చూసిన చీర

మా అమ్మకు కంటి శుక్లం ఆపరేషన్ అయి మహబూబ్‌నగర్‌లో మా ఇంట్లో ఉన్న రోజులవి. ఆమె ఉండేది కొత్తకోటలో, మా అన్నావదినల దగ్గర. దవాఖాన మా ఇంటికి దగ్గరని నేనే తెచ్చుకున్నాను. డాక్టరు నల్లద్దాలు ఇచ్చి, ఫోను ఎక్కువ చూడొద్దని చెప్పాడు. అమ్మ ఆ మాటను చక్కగా పాటించింది. ఫోను చూసేది కాదు, మాట్లాడేది. ఆమెకు చదువు రాదు కాబట్టి వాట్సాప్‌లో ఏం చెప్పాలన్నా మైకు బొమ్మ నొక్కి పట్టుకుని గొంతే పంపుతుంది. ఎవరికి పంపాలో కూడా పేరు చదివి కాదు, వరుస చూసి తెలుసుకుంటుంది. అందరికంటే పైన ఉండేది కేతేపల్లిలోని మా చిన్నమ్మ. రోజుకు పదిసార్లు మాట్లాడుకుంటారు కనుక ఆమె ఆ పైవరుస దిగిందే లేదు.

ఆ వారం నాకు ఒడిబియ్యం పోయడానికి అన్నావదినలు వస్తామన్నారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికె ముక్క, చీర తెచ్చి ఆడబిడ్డ ఒడిలో పోయడం మా దగ్గర పుట్టింటివాళ్ల మర్యాద. ఆదివారం పెట్టుకున్నాం. అమ్మ కూడా అదే రోజు వాళ్లతో తిరిగి కొత్తకోటకు పోవాలి.

గురువారం పొద్దున వదిన మా ఇంటివాళ్ల గ్రూపులో ఒక ఫోటో పెట్టింది. నాకు తీసుకున్న నారాయణపేట చీర. నెమలికంఠం రంగు, ఎర్రంచు. నేను బడికి పోయే తొందరలో ఒక దండం బొమ్మ పెట్టి బస్సెక్కాను. నేను ప్రైమరీ స్కూలు టీచర్ని. బడిలో ఫోను సంచిలోంచి తియ్యను, పిల్లలకు ఒక నీతి నాకు ఒక నీతి పనికిరాదని నా పట్టుదల.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం చిన్నబోయింది. ఏమైందంటే చెప్పింది.

వదిన ఫోటో రాగానే గ్రూపు పైకి ఎక్కింది. చిన్నమ్మ రెండో వరుసకు దిగింది. అమ్మ ఎప్పటిలాగే పైదాన్ని నొక్కి, చిన్నమ్మకు చెబుతున్నాననుకుని, మైకు పట్టుకుని మనసులో ఉన్నదంతా గ్రూపుకు చెప్పేసింది. కాసేపటికి చిన్నమ్మే ఫోన్ చేసి, అక్కా అది నాకు రాలేదు, అందరికీ పోయింది అన్నదట.

నేను నా ఫోన్ తీసి విన్నాను.

"చెల్లె, కోడలు పెట్టిన చీర చూసినవా? గా చీర కొత్తది కాదు. మన బిడ్డ ఇల్లు కట్టుకున్నప్పుడు కోడలి అమ్మకు పెట్టిన చీరనే గది. నా బిడ్డ పెట్టింది నా బిడ్డకే తిరిగొస్తాంది సూడు. నాకు ఎరుకలేదా."

పెట్టుబడి చీరలు మా చుట్టాల్లో ఊరూరు తిరగడం కొత్తేమీ కాదు. ఒకరి పెళ్లిలో పెట్టింది ఇంకొకరి పురిటికి చేరుతుంది. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అమ్మ అన్నది. అదీ నల్లద్దాల వెనక నుంచి, అరచేతంత ఫోటోలో చూసి గుర్తుపట్టానని అన్నది.

"అయినా ఫికర్ లేదు. నేను చెరిపేసిన" అంది అమ్మ, ఆ ఒక్క మాట దగ్గర కొంచెం ధైర్యం తెచ్చుకుని.

చెరిపేస్తే నా ఫోన్లో ఎలా వినపడింది? ఆమె ఫోను తీసుకుని చూశాను. నిజంగానే అందులో లేదు. సంగతి అర్థమైంది. నేను మెసేజి నొక్కిపట్టి చెత్తబుట్ట బొమ్మ తాకడం అమ్మ చాలాసార్లు చూసింది. అలాగే చేసింది. అప్పుడు రెండు దారులు అడుగుతుంది, అందరి దగ్గర తియ్యాలా, నీ ఒక్కదాని దగ్గర తియ్యాలా అని. అమ్మ చదవలేదు కాబట్టి వేలికి అందినదాన్ని నొక్కింది. అది తన ఒక్కదానికే. తనకు కనపడకపోయేసరికి లోకానికే కనపడదని కొంత కుదుటపడి అన్నం తిని పడుకుంది. అలా పొరపాటున నొక్కితే వెనక్కి తీసుకోవడానికి కింద ఒక చిన్న పట్టీ కొన్ని సెకన్లు కనిపించి పోతుంది. అది ఆమె కంటికి ఏం ఆనుతుంది?

నాకు కోపమొచ్చింది. అందరి దగ్గర తీసేయడానికి ఈ వాట్సాప్ వాళ్లు మొదట్లో ఏడు నిమిషాలే ఇచ్చేవాళ్లు. తర్వాత గంట పైచిలుకు చేశారు. ఇప్పుడు రెండు రోజులు దాటినా ఇంకొన్ని గంటలు వ్యవధి ఇస్తున్నారు. తాపీగా నేను వచ్చేదాకా ఆగినా అమ్మ ఫోన్లోంచే తీసేసేదాన్ని. ఇప్పుడు ఆమె ఫోన్లో ఆ మెసేజే లేదు, ఇక దేన్ని నొక్కి తీసేది? ఎవరెవరు విన్నారో చూద్దామన్నా అది పంపినవాళ్ల ఫోన్లోనే తెలుస్తుంది. ఆ దారి కూడా అమ్మ తన చేత్తోనే మూసేసింది. ఇదంతా అమ్మ మీద అరుస్తూనే చెప్పాను. ఆమె నల్లద్దాలు తీయకుండా విన్నది.

"నీకేంది బిడ్డా, నీ ఇంట్ల నువ్వుంటవు" అంది. "నేను కోడలి చేతి అన్నం తినాలె. ఆమె కండ్లల్ల చుక్కలు పోస్తే చూపు రావాలె. ఏ ముఖం పెట్టుకోని పోను?"

నా అరుపు అక్కడ ఆగిపోయింది. నిజంగా అమ్మకు భయం వేసింది, నాకు ఆమెను చూసి ఏడుపొచ్చింది.

ఒక దారి మిగిలింది. ఆ గ్రూపు పెట్టింది నేనే, అడ్మిన్‌ని నేనే. గడువు దాటకపోతే ఇతరులు పెట్టింది కూడా అడ్మిన్ అందరి దగ్గర తీసేయవచ్చు. తీసేశాను. అమ్మ గొంతు ఉన్నచోట, అడ్మిన్ తొలగించారన్న ఒక బూడిదరంగు వాక్యం మిగిలింది, నా పేరుతో సహా. ఆ పేరు సంగతి నేను ముందు ఆలోచించలేదు.

పావుగంటకు అన్న ఫోన్ చేశాడు. అమ్మ మాట్లాడింది తీసేసే అంత పెద్దదానివి ఎప్పుడైనవు అని అడిగాడు. పొద్దుటి నుంచి ట్రాక్టరు రిపేరులో ఉన్నాడట, ఏమీ వినలేదు, తీసేసింది మాత్రం చూశాడు. కుక్కరు మోత రికార్డయింది అన్నాను. కుక్కరు మోతకే అంత పరువు తక్కువ అయిందా అన్నాడు. కేతేపల్లి నుంచి బాబాయి, తల్లీబిడ్డలు మాటమాట అనుకున్నారా, నేను రావాల్నా అని అడిగాడు. ఏమీ వినని వాళ్లందరికీ ఏదో ఉందని తెలిసింది. అసలు సంగతి దాచాను, నేను అమ్మ నోరు మూయించే బిడ్డనయ్యాను.

అమ్మకు ఇంకో చింత పట్టుకుంది. ఆ బూడిదరంగు వాక్యం కూడా తీసేయమంది. నా ఫోన్లో, నీ ఫోన్లో తియ్యొచ్చు గాని, ఎవరి ఫోన్లో ఉన్నది వాళ్లే తియ్యాలి అన్నాను.

"అయితే కొత్తకోటకు పోయి ఆమె ఫోన్ల తీసిరా" అంది. ఏడుస్తూనే ఇద్దరం నవ్వాం.

వదిన మాత్రం ఏమీ అడగలేదు. ఆ రాత్రి గ్రూపులో, ఆదివారం పొద్దున బయలుదేరుతం, మా అమ్మను కూడా తోలుకొస్తున్న అని పెట్టింది. ఆమె అమ్మ ఎందుకు వస్తుందో మాకు అర్థం కాలేదు. చిన్నమ్మకు ఫోన్ చేసి, గ్రూపులో తీసేశాను, ఎవరితో అనకు అని చెప్పాను. చిన్నమ్మ గొంతు సన్నబడింది. పొద్దున్నే తన బిడ్డకు ఫార్వర్డ్ చేసిందట, ఊరికే, నవ్వుకోవడానికి. సాయంత్రం గ్రూపులో తీసేసింది చూసి వదిన ఆ పిల్లకు ఫోన్ చేసి, అత్తమ్మ ఏం చెప్పిందో మీ అమ్మకు ఎరుకేనా అని అడిగితే, ఆ పిల్ల మాటల్లో చెప్పడమెందుకని ఉన్నదున్నట్టు పంపిందట.

నేను తీసేసింది గ్రూపులో ఉన్నదాన్నే. ముందే ఇంకో చోటికి పోయిన నకలు మీద అడ్మిన్ పెత్తనం నడవదు. ఈ సంగతి అమ్మకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు మథనపడి, చివరికి చెప్పేశాను. ఆమె ఆదివారం పొద్దున కాఫీ కూడా తాగలేదు.

వాళ్లు వచ్చారు. ముందు అన్న బియ్యం మూటతో దిగాడు. వెనక వదిన. ఆ వెనక ఆమె అమ్మ, నెమలికంఠం రంగు, ఎర్రంచు చీరలో. అది నా గృహప్రవేశానికి నేను పెట్టిన చీరే, చేత్తో ఏరి తెచ్చింది కాబట్టి నాకు తెలుసు. అమ్మ కూడా చూసింది. నల్లద్దాలు ఒకసారి తీసి, తుడుచుకుని, మళ్లీ చూసింది.

పీట వేసి నన్ను కూర్చోబెట్టారు. వదిన సంచిలోంచి నా చీర తీసి మడత విప్పింది. అదే రంగు, అదే అంచు. దాన్ని వాళ్లమ్మ భుజం పక్కన పట్టుకుని అమ్మ వైపు తిరిగింది.

"అత్తమ్మా, గీ రెండిట్ల మీ బిడ్డ పెట్టిన చీర ఏదో జర చూసి చెప్పు."

అమ్మ రెండు చీరలనూ మార్చి మార్చి చూసింది.

"ఆపరేషన్ అయింది ఒక్క కంటికే కద బిడ్డా" అంది. "ఇంకో కంటికి రెండూ ఒక్క తీరుగనే కనపడుతున్నయి."

ముందు నవ్వింది వదిన వాళ్లమ్మ. తర్వాత ఇల్లంతా నవ్వింది. అన్నకు మాత్రం ఎందుకు నవ్వుతున్నారో తెలియదు, కుక్కరు మోత గురించేనా అని అడిగాడు.

వదిన అప్పుడు చెప్పింది. వాళ్లమ్మ ఏ శుభకార్యానికి పోయినా ఆ చీరే కట్టుకుంటుందట, ఎవరు పెట్టారని అడిగితే నా పేరు చెబుతుందట. అందుకని వదిన నారాయణపేటకు పోయి, దాన్ని చూపించి, అలాంటిదే నాకు నేయించింది. మగ్గం మీద నుంచి దిగి వారం కూడా కాలేదు. ఒడిలో బియ్యం పడుతుంటే తల వంచుకుని కూర్చున్నాను.

భోజనాలయ్యాక వదిన అమ్మను మంచం మీద పడుకోబెట్టి, అద్దాలు తీసి, కంట్లో చుక్కలు వేసింది. అమ్మ కళ్లు మూసుకున్నా నీళ్లు కారుతూనే ఉన్నాయి. మందు మంటకేనేమో, నేను అడగలేదు. సాయంత్రం ముగ్గురూ అన్న వెంట కారులో పోయారు.

మర్నాడు పొద్దున గ్రూపులో అమ్మ గొంతు మెసేజి వచ్చింది. మొదట వదిన మాట వినపడింది, ఇది గ్రూపే అత్తమ్మా, ఇప్పుడు చెప్పు అని. తర్వాత అమ్మ.

"అందరు వినుండ్రి. మా కోడలు నా బిడ్డకు పెట్టిన చీర కొత్తది. నేను తెల్వక అన్న."

నేను వినడం పూర్తయ్యీ కాకముందే అమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, అడ్మిన్‌వు నువ్వే కద" అంది. "గిది మాత్రం తియ్యకు."