ఇస్త్రీ తువ్వాలుకు లొంగని నొప్పి

మా వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే పిన్ని నోరు ఆమె పెట్టెకన్నా వేడి. కూతురికి నెలసరి నొప్పి వస్తే తువ్వాలు మీద పెట్టె నడిపి, గోరువెచ్చగా మడిచి పొట్టమీద వేసేది. మాత్ర మాత్రం పిల్ల మెలికలు తిరిగేదాకా ఇచ్చేది కాదు. ప్రతి నెలా పిల్ల బడి మానేది. ఈసారి మూడు నెలలు దాటాక గానీ నెలసరి రాలేదు.

"ఆడవాళ్ల డాక్టరుకు చూపిస్తా," అంది పిన్ని.

"పెళ్లికాని పిల్లకి ఆ డాక్టరెందుకే? పెళ్లయితే అదే తగ్గుతుంది," అంది పిన్ని వాళ్లక్క.

"పన్ను నొప్పెడితే కూడా పెళ్లిదాకా ఆగాలా అక్కా?"

డాక్టరమ్మ పొట్ట మీంచే స్కానింగ్ చేయించి, రక్తపరీక్ష రాసింది.

"నెలసరి మొదలైన రెండు మూడేళ్లు అటూ ఇటూ అవడం మామూలే. మూడు నెలలు దాటినా రాకపోయినా, వారం దాటినా ఆగకపోయినా, నొప్పితో బడి మానాల్సొచ్చినా చూపించాలి. వేడి కాపడం మంచిదే. మాత్ర మాత్రం నొప్పి ముదిరాక కాదమ్మా, మొదలవగానే ఏదైనా తిని వేసుకోవాలి."

తర్వాతి నెలసరికి పిల్ల బడికెళ్లింది. ఆ సాయంత్రమే అక్క ఇస్త్రీ బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"నన్నూ తీసుకెళ్లవే ఆ డాక్టరు దగ్గరికి. పెళ్లయి ఇరవయ్యేళ్లయింది, నాకింకా తగ్గలేదు."