అనుమతి రాకముందు విన్న తొమ్మిది గొంతులు

ఆ హెడ్ నర్సుకి నలభై ఏడేళ్ళు. ఈ వయసులో పీహెచ్‌డీ ఏమిటని అడిగినవాళ్ళు అడిగారు, నవ్వినవాళ్ళు నవ్వారు. బస్సు నడిపే మొగుడు మాత్రం, "చదువుకోవే, నువ్వు పుస్తకం పట్టుకుంటే నాకు ఇంట్లో కాస్త ప్రశాంతంగా ఉంటుంది" అన్నాడు. అదే ఆశీర్వాదం అనుకుని సర్దుకుపోయింది పాపం.

ఉద్యోగం చేసుకుంటూనే యూనివర్సిటీలో చేరింది. ఆవిడ ఎంచుకున్న విషయం వినడానికి అంత గొప్పగా ఉండదు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీవాళ్ళకి, మడతల్లో ఎవరో వదిలేసిన సూదులు గుచ్చుకుంటుంటాయి. గుచ్చుకున్నా వాళ్ళు కిక్కురుమనరు. ఎందుకు చెప్పరు? అదీ ప్రశ్న. ఏడాది పాటు డ్యూటీ దిగగానే లైబ్రరీకి వెళ్ళి వెతికింది. సూదులు గుచ్చుకున్న డాక్టర్ల మీద, నర్సుల మీద వ్యాసాలు కుప్పలు తెప్పలు. లాండ్రీవాళ్ళ మీద వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అవి కూడా రిజిస్టర్లోకి ఎక్కిన ప్రమాదాల లెక్కలే. ఎక్కనివాటి సంగతి? అసలు నోరే విప్పనివాళ్ళ సంగతి? వాళ్ళనెవరూ అడిగిన పాపాన పోలేదు. ఆ ఖాళీ కనబడ్డ రోజున ఆవిడ లైబ్రరీలోనే చప్పట్లు కొట్టబోయి, పక్కవాళ్ళు చూస్తున్నారని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఆ ఉత్సాహమే కొంప ముంచింది. గాయం కనబడితే కట్టు కట్టేదాకా కాలు నిలవని మనిషి కదా, ఖాళీ కనబడగానే నింపడం మొదలుపెట్టేసింది. ఫోను పట్టుకుని తన ఆసుపత్రి లాండ్రీకే వెళ్ళి, తొమ్మిది మందిని కూర్చోబెట్టి మాట్లాడించి రికార్డు చేసింది. మొదట మాట్లాడింది లాండ్రీలో అందరికన్నా పెద్దావిడ. పదిహేనేళ్ళ పరిచయం, నర్సు ఆవిణ్ణి 'అక్కా' అనే పిలుస్తుంది. రెండేళ్ళ కిందట బొటనవేలికి సూది దిగితే గుడ్డ చుట్టుకుని మళ్ళీ పనిలో పడ్డానని ఆ అక్క చెప్పింది. నర్సు ఆ రోజే రక్తపరీక్ష చేయించింది, ఏమీ లేదని తేలింది. మిగతా ఎనిమిది మందీ ఇలాంటివే చెప్పారు. ఒకమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా.

ప్రతిపాదన రాసి గైడుకి చూపిస్తే, 'పైలట్ (ముందస్తు ప్రయత్నం): తొమ్మిది ఇంటర్వ్యూలు' అన్న వాక్యం దగ్గర ఆయన తల పట్టుకున్నాడు.

"పరిశోధన మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్కరిని కూడా ఇంటర్వ్యూ చేయకూడదు కదమ్మా! ఇదేంటి?"

"మావాళ్ళే కదా సార్."

"ఆ మాట యూనివర్సిటీ కమిటీ ముందు అన్నారో, అయిపోయారే. ఈ వాక్యం కొట్టేయండి. దీని ఊసే ఎత్తకండి."

కొట్టేసింది. మొదటి మూడు నెలలు పాత పరిశోధనల చదువు, తర్వాతి మూడు నెలలు ఎథిక్స్ అనుమతి, ఆ పైన ఎనిమిది నెలలు ఇంటర్వ్యూలు, మిగిలిన కాలం విశ్లేషణ, రాత అని కాలపట్టిక గీసింది. చూడముచ్చటగా ఉంది. ఇంకోసారి దిద్దుకుందామంటే వ్యవధి లేదు. ఆవిడ తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు ఒకసారి పొడిగించగా ఆ నెలాఖరుతో అయిపోతోంది. ప్రతిపాదన చూసే యూనివర్సిటీ కమిటీ కాదంటే సీటు పోయినట్టే.

కమిటీ గదిలో పొడుగాటి బల్ల, అటువైపు ఐదుగురు, సగం తాగిన టీ కప్పులు. ఖాళీ గురించి చెప్తుంటే అందరూ తలలూపారు. మూడు ఆసుపత్రులు, దాదాపు ఇరవై నాలుగు మంది, కొత్త సంగతులు రావడం ఆగేదాకా లోతుగా ఇంటర్వ్యూలు అని పద్ధతి వివరించింది. దానికీ అభ్యంతరం రాలేదు. గండం గడిచిందనుకుంటుండగా, చివర కూర్చున్న ప్రజారోగ్యం ప్రొఫెసరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"మూడింటిలో ఒకటి మీ ఆసుపత్రే. అక్కడ మీరు హెడ్ నర్సు. వాళ్ళు మీతో 'మేం మాట్లాడం' అనగలరా?"

"ఎందుకనలేరు మేడమ్? నా దగ్గర వాళ్ళకి చాలా చనువు. మనసు విప్పి మాట్లాడతారు."

"మాట్లాడతారని మీకెలా తెలుసు?"

గైడు చూపు సీలింగు మీదకి వెళ్ళిపోయింది. డ్యూటీలో అవీ ఇవీ అనుకుంటాం మేడమ్ అంటే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ పరిశోధనేమో నిజం దాచేవాళ్ళ గురించి, తనేమో మొదటి మెట్టు మీదే దాస్తోంది. ఛీ అనిపించింది.

"తొమ్మిది మందిని ముందే రికార్డు చేశాను మేడమ్. అనుమతి లేదు. తప్పు నాదే."

ఆవిణ్ణి బయట కూర్చోమన్నారు. వరండాలో ఆ ఇరవై నిమిషాలూ ఇన్నేళ్ళ చదువూ గంగలో కలిసిందనే అనుకుంది. లోపలికి పిలిచి చెప్పింది ఇదీ: మార్పులతో ఆమోదిస్తున్నాం. మీ ఆసుపత్రిని తీసేయండి. మిగతాచోట్ల కూడా వాళ్ళని మీరుగానీ వాళ్ళ పైవాళ్ళుగానీ పిలవకూడదు, సంబంధం లేని మనిషి వివరాల కాగితం ఇచ్చి అడగాలి. వద్దనుకుంటే మధ్యలోనైనా మానుకోవచ్చని వాళ్ళకి తెలియాలి. ఆ తొమ్మిదీ పనికిరావు, తర్వాత వచ్చే అనుమతి ముందు చేసినదానికి చెల్లదు. జరిగింది ఎథిక్స్ కమిటీకి రాతపూర్వకంగా తెలపండి. దిద్దిన ప్రతిపాదన ముప్పై రోజుల్లో ఇవ్వండి. అంటే సీటు నిలిచింది. ఆవిడ ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది.

పది వారాలకి ఎథిక్స్ కమిటీ ఉత్తరం వచ్చింది. అనుమతి ఇచ్చారు. పాత రికార్డింగుల సంగతి ఆ తొమ్మిది మందికీ చెప్పి చెరిపేయమన్నారు. నిజం చెప్పొద్దూ, ఆవిడ ప్రాణం ఉసూరుమంది. మధ్యాహ్నం మెషీన్లు ఆగిన వేళ చూసుకుని అక్క దగ్గరికి వెళ్ళింది.

"ఆ రోజు నిన్ను సరిగ్గా అడగలేదక్కా. ఇష్టం లేకపోతే వద్దనొచ్చని చెప్పనే లేదు."

"అదేంటి సిస్టరమ్మా, రికార్డు చేసుకోనా అన్నారు, తలూపాను కదా."

"వద్దనాలనిపిస్తే వద్దనేదానివా?"

అక్క పకపకా నవ్వింది. "భలేవారే! హెడ్ నర్సుని కాదని నేను ఈ లాండ్రీలో బతకగలనా?"

పదిహేనేళ్ళ చనువు అనుకున్నది ఇదన్నమాట. అక్క చూస్తుండగానే ఆవిడ ఫోనులో రికార్డింగు చెరిపేసింది.

"పోయిందా? ఇక ఎవరూ వినలేరుగా?"

"వినలేరక్కా."

అక్క తలుపు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "అయితే వినండి. ఆ సూది ఏ వార్డుదో గుర్తులేదన్నానా? గుర్తుందమ్మా. మీ వార్డుదే. మీ మొహం మీద ఎలా చెప్పను? నిన్న పొద్దున కూడా మీ వార్డు దుప్పట్లోదే ఇంకోటి దిగింది."

చూపుడువేలికి చిన్న గుడ్డపీలిక చుట్టి ఉంది. నర్సు ఎందుకు చెప్పలేదక్కా అని అడగబోయి ఆగిపోయింది. అడగడానికి ఏం మిగిలింది గనక?

"లే అక్కా, మందు మొదలుపెట్టడానికి ఇంకా టైముంది, ఇప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఆయనకి నీ పేరు చెప్పక తప్పదు. కానీ మా వార్డు మీద నేను రిపోర్టు రాస్తాను. దాంట్లో నీ పేరు వద్దంటే రాయను. నిజంగానే రాయను."

అక్క వేలి గుడ్డ చూసుకుంటూ చాలాసేపు ఆలోచించింది. నర్సు తొందరపెట్టలేదు.

"వద్దమ్మా," అంది అక్క చివరికి. "నా పేరొద్దు. మీ వార్డు పేరు రాయండి."

"రాస్తానక్కా."