అరవై అయిదు కిలోల గీత

డెబ్బైల చివరి సంవత్సరాల్లో నేను గోదావరిఖనిలోని ఒక గనిలో ఫిల్లరును. అంటే భూగర్భంలో, పగలగొట్టిన బొగ్గును పారతో టబ్బుల్లోకి ఎత్తేవాణ్ణి. ఆ ఏడాది కార్మికుల దేహదారుఢ్య పోటీ ప్రకటించినప్పుడు, ప్రతి బరువు తరగతిలోనూ మొదటివాడికి ఉపరితలం మీద పని ఇస్తారని కూడా చెప్పారు. కప్పు మీద నాకు మోజు లేదు. పగటి వెలుతురులో పనిచేయాలన్నదే నా కోరిక.

నా బరువు అరవై ఎనిమిది. పోటీపడదలచింది అరవై అయిదు లోపు తరగతిలో. నేను కసరత్తు చేసే తాలీంలో ఉస్తాద్ చెప్పినట్టు వారమంతా గుడ్లు, కోడికూర, ఆకుకూరలు తిని, అన్నం పిడికెడుకు తగ్గించాను. సెలవు దినమైన ఆదివారం మాత్రం మూడు పూటలా కడుపునిండా అన్నం. ఆ అన్నం కోసం ఆరు రోజులూ ఎదురుచూసేవాణ్ణి. తిన్న మర్నాడు దవాఖానలో త్రాసు ఎక్కితే కిలోన్నర పెరిగి ఉండేది.

"అది కొవ్వు కాదు తమ్మీ" అనేవాడు ఉస్తాద్. "అన్నం కండల్ల కూసుంటే నీళ్లను వెంటబెట్టుకొని కూసుంటది. బుధవారానికి దిగుతది, ఫికర్ చెయ్యకు."

నిజంగానే దిగేది. అయినా నేను ఉస్తాద్ మాట కంటే త్రాసు ముల్లునే ఎక్కువ నమ్మాను.

గనిలో మరో చిక్కు ఉండేది. మధ్యాహ్నం అందరి సద్దులూ ఒక్కచోట విప్పుతారు. ఎవరి గిన్నెలోంచి ఎవరైనా తినవచ్చు, కానీ పెట్టింది కాదనకూడదు. నాతో జతగా టబ్బులు నింపే పెద్దాయనను కాక అనేవాణ్ణి. నేను అన్నం వద్దన్న ప్రతిసారీ ఆయన ముఖం ముడుచుకునేవాడు.

"గుడ్లు తిని గుడ్లు పెడ్తవా ఏంది పిలగా? మా ఇంటామె వండింది నీకు రుచి లేదా?"

చివరి వారం సోమవారం నుంచి మూడు రోజులు అన్నం పూర్తిగా మానేశాను. కండల్లో మిగిలినది కూడా ఖర్చయ్యేలా డ్యూటీ తర్వాత తాలీంలో ఒళ్ళు హూనం చేసుకున్నాను. మాట తూలేది, పార బరువెక్కేది. బుధవారం సాయంత్రం త్రాసు అరవై మూడున్నర చూపింది. గురువారం నుంచి నింపుకోవాలి: అన్నం, బెల్లం, అరటిపళ్ళు, నూనె తక్కువ, కసరత్తు లేదు. కానీ పార పట్టుకుంటే తిన్నదంతా అక్కడే కరిగిపోతుంది. జతలో ఒకడు తగ్గితే ఇద్దరి టబ్బులూ, వాటి లెక్కన వచ్చే కూలీ తగ్గుతాయి కనుక సెలవు అడగలేకపోయాను. సంగతి కాకే కనిపెట్టాడు.

"రెండు రోజులు నేనే ఎత్తుత. నువ్వు టబ్బు పట్టుకొని నిలబడు. పైకి పోయినంక నన్ను యాది పెట్టుకో."

శుక్రవారం ఉదయం త్రాసు అరవై అయిదున్నరకు పోయింది. బరువు తూచేది శనివారం సాయంత్రం. అప్పటికే తరగతి దాటాను; తింటే ఇంకా పెరుగుతాను, మానితే కండలు నిండవు. పరుగున ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాను.

"డెబ్బై తరగతిల పేరు రాయిస్త" అన్నాడు. "త్రాసు దిక్కు జూడకు, నీ తొడల దిక్కు జూడు. తిను!"

నాకంటే నాలుగైదు కిలోల కండ ఎక్కువున్న వాళ్ళ పక్కన నిలబడి గెలవగలనా? లెక్క కుదరలేదు. ఆ మధ్యాహ్నం గనిలో అన్నం ముట్టలేదు, మంచినీళ్ళు కూడా తాగలేదు. అంత వేడిలో కాక రెండు పారల పని చేస్తూ నా వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ పార ఎత్తాడు.

శనివారం ముల్లు అరవై నాలుగు కిలోల తొమ్మిది వందల గ్రాముల దగ్గర ఆగింది. నేను గెలిచినట్టే అనుకున్నాను. రాత్రి ఆబగా అన్నం తిన్నాను. ఆదివారం ఉదయం పోటీ మొదలయ్యేసరికి అదంతా కడుపులోనే ఉంది. పొట్ట ఉబ్బింది, చేతులు, తొడలు గాలి తీసిన ట్యూబుల్లా వేలాడాయి. బిగించిన చోటల్లా చర్మం వణికిందే తప్ప కండ లేవలేదు. నాకు మూడో స్థానం వచ్చింది.

తర్వాత డెబ్బై తరగతికి ముగ్గురే వచ్చారు. మొదటి బహుమతి పొందినవాడి బరువును మైకులో చదివారు: అరవై ఆరు కిలోల రెండు వందల గ్రాములు.

ఉస్తాద్ నా భుజం మీద తువ్వాలు వేసి, "ఇంటికి పో, కడుపునిండ తిను" అన్నాడు. అట్లాగే చేశాను. తిన్నాను, నీళ్ళు తాగాను, పడుకున్నాను.

సోమవారం మొదటి షిఫ్టుకు మళ్ళీ కిందికి దిగాను. రెండు రోజులు కాక వంతు కూడా నేనే ఎత్తి బాకీ తీరుస్తానని పార లాక్కుని, చొక్కా విప్పాను. ఆదివారం పోటీ చూడటానికి వచ్చిన కాక టోపీ దీపం నా మీదికి తిప్పాడు. భుజాలు గుండ్రంగా నిండాయి. ముంజేతుల మీద నరాలు తాళ్ళలా లేచాయి.

"నిన్న యాడికి పోయినయిరా ఇవి?" అన్నాడు.

నేను టబ్బు నింపడం మొదలుపెట్టాను.